ముప్పై డిగ్రీల్లోనే వేడెక్కిన ఫ్లాస్కు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నేను పనిచేసిన మొదటి ల్యాబులో మేవిస్ అప్పలసామి అనే టెక్నీషియన్ ఉండేది. ఆవిడా నేనూ స్నేహంగా ఉండేవాళ్ళమని చెప్పుకోను. ఉండలేదు. ఆవిడకి నేనంటే గిట్టేది కాదు. అందుకు కారణం నా దగ్గరే ఉంది.

నేను హైదరాబాదులో పీహెచ్‌డీ పూర్తి చేసి, తొంభై ఆరులో అక్కడి యూనివర్సిటీకి వెళ్ళాను. రిజర్వాయర్ హిల్స్‌లో ఒక్కదాన్నే ఉండటానికి ఒక గది అద్దెకు తీసుకున్నాను. నన్ను పిలిపించుకున్నది డాక్టర్ వేణుగోపాలరావు. ఆయనది తెనాలి దగ్గర ఊరు. నాకంటే ఏడాది ముందు లెక్చరర్‌గా వచ్చారు. నా వర్క్ పర్మిట్ ఏటేటా పొడిగించాలంటే ఆయన ఉత్తరం ఉండాలి. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

మేవిస్‌కి అప్పటికి నలభై రెండేళ్ళు. ముత్తాత విశాఖ వైపు నుంచి చెరుకు తోటల కూలీగా వచ్చాడట. ఆవిడ పుట్టి పెరిగింది సీ కౌ లేక్‌లో, కూరగాయల మళ్ళ మధ్య. తల్లి కాలంలోనే ఇంటిల్లిపాదీ చర్చిలో చేరారు. పెళ్ళయ్యాక గ్రీన్‌వుడ్ పార్క్‌లో కాపురం. భర్త రెజీ బస్సుల డిపోలో మెకానిక్కు. డిప్లొమా చేసి పంతొమ్మిదేళ్ళుగా అదే ల్యాబులో పనిచేస్తోంది. తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం ఉన్నప్పుడు డిగ్రీకి వెళ్దామని రెండుసార్లు అర్జీ పెట్టుకుంటే రెండుసార్లూ తిప్పి పంపారు. అందరికీ ఓటు వచ్చిన తొంభై నాలుగు ఎన్నికల్లో ఐదు గంటలు క్యూలో నిలబడి ఓటేసింది. ఆ మర్నాటి నుంచీ తనకి దారి తెరుచుకుంటుందని నమ్మింది. తీరా తెరుచుకున్న దారిలోంచి మేం వచ్చాం. విమానం దిగి, సూటుకేసులతో, డాక్టరేట్లతో.

డాక్టర్‌గారికీ మేవిస్‌కీ ఆయన వచ్చిన మొదటి రోజే తేడా వచ్చింది. మేవిస్‌కి వచ్చిన తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు. ఆ తెలుగులో "మీరు" లేదు. వేణుగోపాలరావుగారు ల్యాబులోకి అడుగు పెట్టగానే నవ్వుతూ, "నువ్వు తెలుగోడివా? ఏ ఊరు నువ్వు?" అని అడిగిందట. ఏడాది తరవాత నేను చేరినప్పుడు ఆ సంగతి చెబుతూ ఆయన ముఖం మాడ్చుకుని, "వీళ్ళకి మర్యాద కూడా సముద్రంలో కొట్టుకుపోయింది" అని నాతో అన్నారు. నేను నవ్వాను. మా గదికీ పక్క గదికీ మధ్య తలుపు లేదని నాకప్పుడు తెలియదు. పక్క గదిలో మేవిస్ గాజుసామాను తుడుస్తోంది.

అప్పట్నించీ వాళ్ళిద్దరి మధ్యా పని మాటలు తప్ప వేరే మాటలుండేవి కావు. ఆయన ఆవిణ్ణి "ఏమ్మాయ్" అని పిలిచేవారు. ఆయన కంటే ఆవిడ ఐదేళ్ళు పెద్ద.

ఆయన పని ఈ.కోలి అనే బ్యాక్టీరియా మీద. బ్యాక్టీరియాలో జన్యువుల్ని చదివే యంత్రం ఒకటుంటుంది, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. చదవడం దానికొచ్చుగానీ ఎక్కడ మొదలుపెట్టాలో దానంతట దానికి తెలియదు. ఆ చోటు చూపించేవి సిగ్మా ప్రోటీన్లు. మామూలు రోజుల్లో సిగ్మా డెబ్భై దానికి అంటుకుని, పెరగడానికి కావలసిన జన్యువుల దగ్గరికి తీసుకుపోతుంది. బ్యాక్టీరియాను హఠాత్తుగా ముప్పై డిగ్రీల నుంచి నలభై రెండుకు మార్చామనుకోండి, సిగ్మా ముప్పై రెండు అనే ఇంకొకటి పెరుగుతుంది. అది యంత్రాన్ని వేరే జన్యువుల వైపు తిప్పుతుంది. వేడికి చెడిపోతున్న ప్రోటీన్లను బాగుచేసే ప్రోటీన్లు ఆ జన్యువుల నుంచే వస్తాయి. ఐదు నిమిషాల్లో కణం తయారుచేసే సరుకే మారిపోతుంది.

డాక్టర్‌గారు సిగ్మా ముప్పై రెండు జన్యువులో ఒక అక్షరం మార్చారు. అలా మారిస్తే ఆ ప్రోటీను ముప్పై డిగ్రీల్లో కూడా నాశనం కాకుండా నిలుస్తుందని ఆయన ఊహ. మార్చిన జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద పెట్టి బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. మార్చని జన్యువును అలాగే ఎక్కించిన బ్యాక్టీరియాను పోలిక కోసం పక్కన పెట్టారు. దాన్ని మేం కంట్రోల్ అనేవాళ్ళం. ప్లాస్మిడ్ జారిపోకుండా రెండు ఫ్లాస్కుల్లోనూ క్లోరాంఫెనికాల్ అనే మందు పోయాలి. ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియానే ఆ మందును తట్టుకుని పెరుగుతుంది.

తొంభై ఏడు ఫిబ్రవరిలో మొదటి ఫిల్ము వచ్చింది. మార్చిన బ్యాక్టీరియాకి ప్రోటీన్లలో చేరే మెథియోనిన్‌ను రేడియోధార్మిక రూపంలో కొద్దిగా ఇచ్చి, ఆ నిమిషంలో కొత్తగా తయారైన ప్రోటీన్లను జెల్ మీద విడదీసి, ఎక్స్‌రే ఫిల్ము మీద చూశాం. ముప్పై డిగ్రీల్లోనే, ఇంకా వేడి పెట్టకముందే, డీఎన్ఏకే, గ్రోఈఎల్ అనే ప్రోటీన్ల పట్టీలు నల్లగా పడ్డాయి. ఆ రెండూ వేడి తగిలితే ఎక్కువగా తయారయ్యేవి. వేణుగోపాలరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వారం తిరక్కుండా ఒక అంతర్జాతీయ సదస్సుకి సారాంశం పంపేశారు.

మార్చి నెలలో కంట్రోల్ ఫిల్ము వచ్చింది. అదీ నల్లగానే ఉంది.

మార్చని జన్యువు ఉన్న బ్యాక్టీరియా కూడా ముప్పై డిగ్రీల్లో వేడెక్కినట్టు ప్రవర్తిస్తే, మార్చిన అక్షరం వల్ల జరిగిందేమీ లేనట్టే. ఆయన ఫిల్మును వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు. తరవాత మేవిస్ బెంచీ దగ్గరికి నడిచారు.

"ఏమ్మాయ్, ఏ ఫ్లాస్కులోంచి తీశావ్ ఇది?"

"కంట్రోల్లోంచి."

"అబద్ధం. రెంటినీ కలిపేశావ్. లేకపోతే నలభై రెండు డిగ్రీల నీళ్ళ బాత్‌లో పెట్టి మర్చిపోయుంటావ్. పంతొమ్మిదేళ్ళు ఇలాగే చేశావా?"

మేవిస్ చేతికున్న గ్లవ్స్ ఒక్కొక్కటిగా లాగి పడేసింది. "నేను ఏం కలపలే. ఏం మర్చిపోలే. నీ కాగితం మీద ఏం రాసిందో అదే చేసేను. నువ్వు నన్ను అబద్ధాలమనిషి అంటావా? నా సామి చూస్తాడు."

"ఏ సామి? ఆరు నెలలకోసారి మార్చుకునే సామా?"

ఆ మాట అన్నది ఆయనే. నేను ఫిల్ములు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

మర్నాడు ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్ ప్రొఫెసర్ వెలరీకి ఉత్తరం రాశారు. నిర్లక్ష్యం వల్ల పరిశోధన పాడైంది, నమూనాలు తారుమారయ్యాయి, క్రమశిక్షణ చర్య తీసుకోవాలి అని. సాక్షిగా నా పేరు రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. "మేవిస్ ఫ్లాస్కులు పట్టుకుని రెండు బాత్‌ల మధ్యా తిరగడం చూశాను" అన్న వాక్యం అందులో ఉంది. తిరగడం నేను చూసిన మాట నిజం. పని చేసే మనిషి తిరుగుతుంది. సంతకం పెట్టాను.

నిజానికి ఆ ఉత్తరానికి ముందు నేను ఇంకొకటి చూశాను. చెప్పలేదు.

క్లోరాంఫెనికాల్‌ను స్పిరిట్‌లో, అంటే ఇథనాల్‌లో కరిగిస్తారు. మామూలుగా చిక్కగా కరిగించి, వేలెడు సీసాలో పెట్టుకుని, లీటరు ద్రావణానికి ఒక మిల్లీలీటరు పోస్తే సరిపోతుంది. ఆ రోజుల్లో మా సన్నని త్రాసు మరమ్మతుకి వెళ్ళి నెలల తరబడి రాలేదు. డాక్టర్‌గారు పెద్ద త్రాసు మీద అరగ్రాము తూచి, లెక్క తేలిగ్గా ఉంటుందని అర లీటరు స్పిరిట్‌లో కరిగించేశారు. సీసా మీద స్వయంగా "లీటరుకు నలభై మిల్లీలీటర్లు" అని రాశారు. నలభై రెట్లు పలచన, నలభై రెట్లు స్పిరిట్. నేను ఆ సీసా చూసి, "ఇంత పెద్దదేంటి" అనుకున్నాను. మందు మోతాదు సరిపోయింది కదా అని ఊరుకున్నాను. బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంటే, ప్లాస్మిడ్ బరువు వల్లేనని ఆయనన్నారు. దానికీ తలూపాను.

మేవిస్ తలూపలేదు. విచారణకి పన్నెండు రోజుల గడువు ఉంది. ఆ మధ్యే కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆరోపణ కాగితం మీద ఇవ్వాలి, జవాబుకి టైమివ్వాలి. పాతకాలమైతే ఆ పూటే ఇంటికి పంపేవాళ్ళు. ఆవిడ ఆ పన్నెండు రోజులూ లైబ్రరీలో కూర్చుంది. నేను పక్కనుంచి వెళ్తే తల ఎత్తేది కాదు. సిగ్మా ముప్పై రెండు మీద వచ్చిన పరిశోధన పేపర్లన్నీ తీయించి, మధ్యాహ్నం రొట్టె తింటూ చదివేది. ఒక పాత పేపర్లో, నాలుగు శాతం ఇథనాల్ పోస్తే వేడి పెట్టకపోయినా ఈ.కోలి వేడి ప్రోటీన్లు తయారుచేస్తుందని ఉంది. లీటరుకు నలభై మిల్లీలీటర్లంటే నాలుగు శాతం.

శనివారం పగలు ల్యాబులో ఎవరూ ఉండరు. ఆ శనివారం మేవిస్ వచ్చి ప్రయోగం మళ్ళీ చేసింది. రేడియోధార్మిక పదార్థాల పెట్టె తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. ఎంత తీసిందీ, ఎప్పుడు తీసిందీ రిజిస్టర్లో రాసింది. పరిశోధకుడి సంతకం ఉండాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.

విచారణ ప్రొఫెసర్ వెలరీ గదిలో జరిగింది. మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి, నాకు గుర్తున్నంత మేరకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మేవిస్ చర్చికి వేసుకెళ్ళే నీలం గౌనులో వచ్చింది. యూనియన్ తరఫున సూబ్రాయన్ అనే ఆయన పక్కన కూర్చున్నాడు గానీ మాట్లాడే అవకాశం ఆయనకు పెద్దగా రాలేదు.

వేణుగోపాలరావుగారు అరగంట మాట్లాడారు. మార్చిన జన్యువు ఫలితం స్పష్టంగా ఉందనీ, కంట్రోల్‌ను టెక్నీషియన్ పాడుచేసిందనీ, ఆవిడకి సిగ్మా అంటే ఏమిటో కూడా తెలియదనీ అన్నారు.

"తెలుసో లేదో చెప్పనివ్వండి" అంది మేవిస్.

"ఇక్కడ మనం పాఠాలు వినడానికి రాలేదు" అన్నారాయన.

"నేను వింటాను" అంది ప్రొఫెసర్ వెలరీ, గడియారం చూసుకుంటూ.

మేవిస్ కాగితం చూడకుండా మాట్లాడింది. "సిగ్మా ముప్పై రెండు ముప్పై డిగ్రీల్లో కూడా తయారవుతూనే ఉంటుంది. కానీ నిమిషం బతకడం కష్టం. డీఎన్ఏకే, దాని తోటివీ దాన్ని పట్టుకుంటాయి. ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ఎంజైము నమిలేస్తుంది. ఇది రెండేళ్ళ కిందటే తేలింది, పేపరు తెచ్చాను. వేడి తగిలితే కణంలో మామూలు ప్రోటీన్ల మడతలు విప్పుకుపోతాయి. డీఎన్ఏకే వాటిని బాగుచేసే పనిలో పడుతుంది. సిగ్మాని పట్టుకునే తీరిక దానికి ఉండదు. అప్పుడు సిగ్మా నిలుస్తుంది. పైగా దాని ఆర్‌ఎన్‌ఏ వేడికి విచ్చుకుని, కొత్త సిగ్మా కూడా ఎక్కువగా తయారవుతుంది. ఐదు నిమిషాల్లో పతాక స్థాయి. తరవాత కొత్త డీఎన్ఏకే బోలెడు వచ్చేస్తుంది కాబట్టి మళ్ళీ సిగ్మాని పట్టేసుకుంటుంది. అరగంటకి తగ్గుతుంది. ఇంతవరకూ తప్పుంటే డాక్టర్‌గారు చెప్పొచ్చు."

ఆయన తన కాగితాలు తిరగేశారు.

"అంటే కణం థర్మామీటరు చూసి నిర్ణయించుకోదు. మడతలు విప్పుకుపోయిన ప్రోటీన్లు ఎన్ని ఉన్నాయో, వాటిని బట్టి నిర్ణయమవుతుంది. ప్రోటీన్ల మడతలు విప్పేది వేడి ఒక్కటే కాదు. స్పిరిట్ కూడా విప్పుతుంది."

కవరులోంచి ఫిల్ము తీసి, ప్రొఫెసర్ బల్ల మీది దీపపు పెట్టె మీద పరిచింది. కంట్రోల్ బ్యాక్టీరియాని నాలుగు ఫ్లాస్కుల్లో, నాలుగూ ముప్పై డిగ్రీల్లోనే పెంచిందట. మందు లేనిదాంట్లో ఆ రెండు పట్టీల చోటు తెల్లగా ఉంది. చిక్కటి మందు ఒక్క మిల్లీలీటరు పోసినదీ తెల్లగానే ఉంది. పెద్ద సీసాలోంచి నలభై పోసినది నల్లగా ఉంది. మందు లేకుండా ఉత్త స్పిరిట్ నలభై పోసినది అంతే నల్లగా ఉంది. పక్కన ఇంకో వరుస. మందు పోయని కంట్రోల్‌ని నలభై రెండు డిగ్రీలకి మార్చినది. మొదట తెలుపు, ఐదు నిమిషాలకి నలుపు, ముప్పై నిమిషాలకి బూడిద రంగు.

"చివరి రెండు వరుసలు డాక్టర్‌గారు అక్షరం మార్చిన బ్యాక్టీరియా" అంది మేవిస్. "స్పిరిట్ ఉంటే నలుపు. లేకపోతే కంట్రోల్‌లాగే తెలుపు. నేను ఫ్లాస్కులు మార్చేశాననే అనుకోండి. రెండూ ఒకేలా ఉన్నప్పుడు మార్చినా మార్చకపోయినా ఏం తేడా వస్తుంది?"

ప్రొఫెసర్ వెలరీ ఆ చివరి రెండు వరుసల మీదకి వంగి చాలాసేపు చూసింది. "సీసా ఎవరు తయారుచేశారు?"

"చేతిరాత చూస్తే తెలుస్తుంది" అంది మేవిస్. సీసా కూడా సంచీలో తెచ్చింది.

వేణుగోపాలరావుగారి మెడ ఎర్రబడింది. సీసా వైపు చూడలేదు. "ఈ రేడియోధార్మిక ఐసోటోపు వాడటానికి ఈవిడకి అనుమతి ఎవరిచ్చారు?" అని అడిగారు. "రిజిస్టర్లో నా సంతకం లేదు. ఇది దొంగతనం."

"నీ సంతకం అడిగితే నువ్వు పెట్టేవాడివా?" ఒక్కసారిగా తెలుగులోకి మారింది మేవిస్. "సిగ్గు లేదా నీకు? నా కూడు తీసేదానికి వచ్చేవు!"

"ఏమంటోంది?" అని ప్రొఫెసర్ నన్నడిగింది. గదిలో రెండు భాషలూ వచ్చినవాళ్ళలో ఏ పక్షమూ కానట్టు కనిపించేది నేనొక్కదాన్నే.

నేను తర్జుమా చేశాను. పూర్తిగా చేశాను. ఆ గదిలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

అప్పుడు ప్రొఫెసర్ నా సంతకం ఉన్న ఉత్తరం తీసింది. "ఫ్లాస్కులు తారుమారు కావడం నువ్వు చూశావా?"

"లేదు. ఆవిడ నడవడం చూశాను."

"ఆ సీసా సంగతి నీకు తెలుసా?"

వేణుగోపాలరావుగారు నా వైపు తిరిగారు. నా పర్మిట్ మే నెలతో అయిపోతుంది. "పెద్దగా ఉందని గమనించాను" అన్నాను. "స్పిరిట్ వల్ల ఇలా అవుతుందని తోచలేదు." సగం నిజం అది. తోచకపోవడం నిజం. గమనించి కూడా నోరెత్తకపోవడం గురించి నేనేమీ అనలేదు.

తీర్పు వారం తరవాత వచ్చింది. నమూనాలు తారుమారు చేసిందన్న ఆరోపణ కొట్టేశారు. సంతకం లేకుండా ఐసోటోపు వాడినందుకు మేవిస్‌కి లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. డాక్టర్‌గారికి ఏ కాగితమూ అందలేదు. సదస్సు సారాంశాన్ని మాత్రం వెనక్కి తీసుకోమన్నారు. "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి వెనక్కి తీసుకున్నారాయన.

మేవిస్ ఆ హెచ్చరిక అందినట్టు సంతకం పెట్టనంది. తన మీద వేసిన నింద అబద్ధమని డిపార్ట్‌మెంట్ రాసిచ్చేదాకా పెట్టనని కూర్చుంది. రెజీ కూడా అంత పట్టు వద్దన్నాడట, ఉద్యోగం నిలిచింది చాలు అని. ఆవిడ వినలేదు. ఐదు వారాలు సాగాక, చివరికి ప్రొఫెసర్ వెలరీ రెండు వాక్యాలు రాసిచ్చింది: కంట్రోల్ ఫలితానికి కారణం మందు కరిగించిన స్టాక్ ద్రావణంలోని ఇథనాల్ అనీ, ఆ కారణాన్ని కనిపెట్టినది శ్రీమతి ఎం. అప్పలసామి అనీ. మేవిస్ దాని జిరాక్సులు తీసి, ఒకటి తెచ్చి నా బెంచీ మీద పెట్టింది. 

జూన్‌లో నేను గ్రీన్‌వుడ్ పార్క్‌లో మేవిస్ ఇంటికి వెళ్ళాను. డాక్టర్‌గారి ఉత్తరంతో నా పర్మిట్ పొడిగింపు చేతికి వచ్చేసింది కాబట్టి ధైర్యం వచ్చింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. వెనకాల మెట్ల మీద రెజీ చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాడు.

"సారీ చెప్పడానికి వచ్చాను అక్కా."

"అక్కా అనొద్దు. ఎప్పుడు చూసేవు ఆ సీసా?"

"మార్చిలో."

"ఉత్తరం ముందా, తరవాతా?"

"ముందు."

మేవిస్ కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపంగా కూడా కాదు. నమూనా పనికొస్తుందా రాదా అని చూసినట్టు చూసింది.

"ఆయన నన్ను తిట్టేడు. సరే, ఆయనకి బుద్ధి లేదు" అంది. "నువ్వు చదువుకున్నావు. చూసేవు. ఊరుకున్నావు. నువ్వు ఇంటికి పో."

గేటు వేసింది. నేను బస్సు స్టాపు దాకా నడిచాను.

తొంభై ఎనిమిదిలో మేవిస్ ఉద్యోగం మానేసింది. ఒక పాల కంపెనీలో నాణ్యత పరీక్షల ల్యాబుకి మనుషులు కావాలంటే వెళ్ళింది. సాయంకాలాలు చదివి నలభై తొమ్మిదో ఏట డిగ్రీ పుచ్చుకుందని సూబ్రాయన్ చెప్పాడు. ఆ కంపెనీలో ఆవిడ కింద పదకొండు మంది పనిచేసేవారట. స్టాక్ ద్రావణం తయారుచేసిన మనిషి సీసా మీద తన పేరూ, ఏ ద్రావకం ఎంత ఉందో రాయకపోతే, ఆ సీసాను వాళ్ళ కళ్ళముందే సింకులో పారబోసేదట. అక్కడ పనిచేసినవాళ్ళు ఆవిడంటే భయపడేవారని కూడా చెప్పాడు.

వేణుగోపాలరావుగారు రెండువేల సంవత్సరంలో వేరే దేశం వెళ్ళిపోయారు. ఆ అక్షరం మార్చిన బ్యాక్టీరియా మీద ఆయన మరేమీ ప్రచురించలేదు. నేను డర్బన్‌లోనే ఉండిపోయాను. వేడి తగిలితే కణం ఏం చేస్తుందనే హీట్ షాక్ పాఠం ఇప్పుడు నేనే చెబుతాను. ఇథనాల్ ప్రయోగం విద్యార్థుల చేత చేయిస్తాను. నాలుగు ఫ్లాస్కులు, నాలుగూ ముప్పై డిగ్రీల్లో. ఇది ఎవరు చేసిన ప్రయోగమని వాళ్ళడిగితే పేరు చెబుతాను. పేపరు ఎక్కడుందని అడుగుతారు. పేపరు లేదు, రెండు వాక్యాల ఉత్తరం ఒకటుంది అంటాను.